షోరూమ్‌లో నొక్కి చూసిన కీబోర్డు ఒకటి, డబ్బాలో వచ్చింది ఇంకొకటి

వినియోగదారుల ఫిర్యాదుల విభాగాధిపతి గారికి,

విషయం: డెమో పీసుకు భిన్నమైన కీబోర్డు లేఅవుట్‌తో ల్యాప్‌టాప్ అంటగట్టడం, ట్రాక్‌ప్యాడ్ లోపం గురించి, మార్పిడి లేదా డబ్బు వాపసు కోరుతూ.

అయ్యా,

మీ అధీకృత షోరూమ్‌లో నేను కొన్న ల్యాప్‌టాప్ ఆన్ అవుతోంది, వేగంగానే నడుస్తోంది, తెర కూడా బాగుంది. ఆ మాటే పట్టుకుని మీ కస్టమర్ కేర్ వారు ‘హార్డ్‌వేర్ సమస్య ఏమీ లేదు’ అని రాసి నా ఫిర్యాదును మూసేశారు. నేను రోజంతా టైప్ చేసి బతికేవాణ్ణి. కీబోర్డు వైపు చూడకుండా టైప్ చేసేవాడికి కీలు ఉండాల్సిన చోట లేకపోవడం సమస్య అవునో కాదో మీరైనా తేల్చాలని ఇది రాస్తున్నాను.

షోరూమ్ బల్ల మీద పెట్టిన డెమో పీసులో అమెరికా లేఅవుట్ ఉంది. ఎంటర్ కీ ఒకే వరసలో పొడుగ్గా, ఎడమ షిఫ్ట్ వెడల్పుగా ఉన్నాయి. నిలబడే అయినా కాసేపు టైప్ చేసి చూసి, చేతికి సరిపోయిందనే కొన్నాను. డబ్బా విప్పితే వచ్చింది బ్రిటన్ లేఅవుట్. రంగు అదే, మోడల్ పేరు అదే. బిల్లు మీద కూడా ఆ పేరే ఉంది తప్ప లేఅవుట్ ఊసు లేదు. తేడా అంతా పూర్తి పార్ట్ నంబరు చివరి అక్షరాల్లో ఉందట. అది డబ్బా పక్కన అంటించిన స్టిక్కర్ మీద, కళ్లద్దాలు పెట్టుకున్నా కనపడనంత చిన్నగా ఉంది. ఆ అక్షరాలకు అర్థమేమిటో అమ్మిన కుర్రాడికే తెలియదు. మార్చమని అడిగితే సీలు తీసిన డబ్బా వాపసు తీసుకోరన్నారు. సీలు తీయకుండా లోపలి కీబోర్డు చూసే ఉపాయమేదో నాకు చెప్పినవాళ్లు లేరు.

‘రెండు మూడు గుర్తులే కదండీ తేడా’ అని మీ ప్రతినిధి ఫోన్‌లో అన్నారు. గుర్తుల సంగతి తర్వాత, ముందు కీల కొలతలు చూడండి. స్కేలు తీసుకుని మళ్లీ షోరూమ్‌కు వెళ్లి కొలిచాను. డెమో పీసు మీద ఎడమ షిఫ్ట్ సుమారు 43 మిల్లీమీటర్లు, నా దాని మీద 24. మిగిలిన 19 మిల్లీమీటర్లలో ఇంకో కీ కూర్చుంది. కుడి వైపూ ఇదే కథ. అమెరికా లేఅవుట్‌లో ఉల్లేఖన గుర్తు కీ పక్కనే ఎంటర్ మొదలవుతుంది. నా దాంట్లో ఆ రెండిటి మధ్య # కీ ఉంది. ఎంటర్ పై వరసలోకి ఎత్తుగా ఎదిగిన మాట నిజమే కానీ, చిటికెన వేలు అందుకునే కింది వరసలో ఒక కీ దూరం జరిగి, సన్నబడింది.

ఫలితం ఇలా ఉంటుంది. పెద్ద A కోసం నా చిటికెన వేలు ఏళ్ల అలవాటు ప్రకారం షిఫ్ట్ కుడి సగం మీదికి వెళ్తుంది. ఇప్పుడక్కడ ఉన్నది బ్యాక్‌స్లాష్. కాబట్టి A రాదు, \a వస్తుంది. పేరా ముగించి ఎంటర్ నొక్కితే కొత్త వరస రాదు, వాక్యం చివర # పడుతుంది. పాస్‌వర్డ్ పెట్టేచోట అక్షరాలకు బదులు చుక్కలే కనిపిస్తాయి కాబట్టి, ఎక్కడ అదనపు \ దూరిందో తెలియక ఖాతా లాక్ అవుతుంది.

మీ కస్టమర్ కేర్ ఇచ్చిన మొదటి సలహా, సెట్టింగ్స్‌లో కీబోర్డును అమెరికా ఇంగ్లిష్‌కు మార్చుకోమని. మార్చాను. దాంతో @, ఉల్లేఖన గుర్తు నాకు అలవాటైన చోటికి వచ్చాయి, కానీ కీల మీద అచ్చయిన గుర్తులతో ఇక వాటికి పొత్తు లేదు. సెట్టింగ్ మారితే ఏ కీ ఏ అక్షరం ఇస్తుందో మారుతుంది, ప్లాస్టిక్ కీ వెడల్పు మారదు. పైగా ఈ సెట్టింగ్‌లో ఎంటర్ పక్క కీ, షిఫ్ట్ పక్క కీ రెండూ బ్యాక్‌స్లాషే ఇస్తాయి. ఎడమ చిటికెన వేలు తప్పినా \, కుడి చిటికెన వేలు తప్పినా \.

రెండో సలహా, PowerToys లాంటి ప్రోగ్రాంతో ఆ రెండు కీలకూ కొత్త పనులు అప్పగించమని. షిఫ్ట్ పక్క కీని షిఫ్ట్‌గా, # కీని ఎంటర్‌గా మార్చాను. నిజం చెప్పాలంటే కాసేపు బాగానే ఉందనిపించింది. ఫోల్డర్ చిరునామా కొట్టాల్సి వచ్చినప్పుడు తెలిసింది, `C:\` రాయడానికి కీబోర్డు మొత్తంలో బ్యాక్‌స్లాష్ మిగల్లేదు! ఉన్న రెండిటినీ వేరే పనికి పెట్టేశాం కదా. ఒకదాన్ని వదిలిపెడితే ఆ వైపు వేలు మళ్లీ తప్పుతుంది. పైగా ఆ ప్రోగ్రాం విండోస్‌లోకి లాగిన్ అయ్యాకే పనిచేస్తుంది. లాగిన్ పాస్‌వర్డ్ కొట్టేటప్పుడూ, విండోస్ మొదలవకముందు వచ్చే బయాస్ తెరలోనూ కీలు పాత బుద్ధే చూపిస్తాయి.

పోనీ కీబోర్డు ఒక్కటే మార్చండి అన్నాను. కుదరదని మీ సర్వీస్ సెంటర్ టెక్నీషియన్ మర్యాదగా వివరించారు (ఈ మొత్తం వ్యవహారంలో నాకు సూటిగా జవాబు చెప్పింది ఆయనొక్కరే). కీలు బయటికి వచ్చే రంధ్రాలు పై కవరులోనే కోసి ఉంటాయి. ఎత్తు ఎంటర్ కోసం కోసిన రంధ్రంలో అమెరికా లేఅవుట్ ఎంటర్ పట్టదు. అందుకని అరచేతులు ఆనే పై కవరు మొత్తం మార్చాలి, దాన్ని వారంటీలో ఇవ్వరు. అంటే ఈ తేడాను మీరు సాఫ్ట్‌వేర్‌తోనూ సరిచేయలేరు, విడిభాగంతోనూ సరిచేయరు. అలాంటప్పుడు అమ్మే ముందే చెప్పి తీరాలి.

ఇక ట్రాక్‌ప్యాడ్. ఈ మోడల్లో ప్యాడ్ పై అంచు బందుకు కట్టి ఉంటుంది, కింది అంచు దిగి క్లిక్ అవుతుంది. తలుపును బందు పక్కన నెడితే కదలనట్టే, ప్యాడ్ పై భాగంలో క్లిక్ గట్టిగా ఉండటం ఈ తరహా నిర్మాణానికి సహజం. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదు కింది కుడి మూల గురించి. ఎడమ మూల నొక్కగానే ఒక్కసారి టక్‌మంటుంది. కుడి మూల ముందు చప్పుడు లేకుండా కొంచెం కుంగి, ఆ తర్వాత క్లిక్ అవుతుంది. క్లిక్ చేయకుండా ఊరికే వేలితో తట్టినా అక్కడ గలగలమంటుంది. ల్యాప్‌టాప్‌ను ముందు మూల పట్టుకుని కొంచెం లేపితే ఆ వైపు క్లిక్ అసలు పడదు. ప్యాడ్‌కూ దాని కింది స్విచ్‌కూ మధ్య సందు ఎక్కువైతే ఇలా అవుతుంది, బిగింపులో వచ్చిన లోపమిది. ఒక ఫైలును పట్టి లాగుతుంటే మధ్యలో పట్టు వదిలి, ఏ ఫోల్డర్ మీద ఉందో అందులో పడిపోతోంది.

దీనికి మీ వారు చెప్పిన మందు ట్రాక్‌ప్యాడ్ సెన్సిటివిటీ పెంచుకోమని. విండోస్‌లో ఆ సెట్టింగ్ వేలి స్పర్శను, టైప్ చేసేటప్పుడు పొరపాటున ఆనే అరచేతిని ఎలా పరిగణించాలో చూస్తుంది. కింద వదులైన స్విచ్‌తో దానికి సంబంధం లేదు.

ఇవన్నీ కొనేటప్పుడే ఎందుకు చూసుకోలేదని అడుగుతారేమో. డెమో పీసు తెర మీద మీ ప్రకటన వీడియో ఆగకుండా తిరుగుతుంది. ఏ కీ నొక్కినా కొన్ని క్షణాల్లో మళ్లీ అదే మొదలు. దొంగతనం కాకుండా బిగించిన స్టాండు యంత్రాన్ని ఏటవాలుగా పట్టుకుని ఉంటుంది, బల్ల మీద అరచేయి ఆనించి టైప్ చేసే వీలే లేదు. ట్రాక్‌ప్యాడ్ కింది అంచు ఆ స్టాండు పట్టీకి ఆనుకుని ఉంది. అలా నొక్కితే తెలిసే క్లిక్ ఇంట్లో బల్ల మీది క్లిక్ ఎలా అవుతుంది? అయినా డెమో పీసును ఎంత పరీక్షించినా, చేతికిచ్చేది వేరే లేఅవుట్ అయినప్పుడు ఆ పరీక్షకు విలువేముంది?

అందుకే మార్పిడి పీసు ఇస్తే డబ్బా షోరూమ్‌లోనే, నా ఎదుటే విప్పాలి. స్టాండు లేకుండా మామూలు ఎత్తు బల్ల, కూర్చోవడానికి కుర్చీ కావాలి. నోట్‌ప్యాడ్ తెరిచి, కీబోర్డు చూడకుండా నాకు అలవాటైన ఒక పేజీ టైప్ చేస్తాను. తప్పులు పడటం కన్నా అవి ఏ కీల దగ్గర పడుతున్నాయో చూస్తాను. షిఫ్ట్, ఎంటర్, బ్యాక్‌స్లాష్ దగ్గరే మళ్లీ మళ్లీ పడితే అది లేఅవుట్ తేడా. అన్నిచోట్లా చెదురుమదురుగా పడితే కొత్త కీల లోతుకు చేయి ఇంకా అలవాటు పడలేదని అర్థం, దానికి నేను గొడవ చేయను. కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని బాణం కీలతో పదం పదం ఎంచి చూస్తాను. మూడు కీలు కలిపి నొక్కినప్పుడు ఒకదాన్ని మింగేసే కీబోర్డులు ఉన్నాయి, నా పనిలో సగం ఆ మూడు కీల మీదే నడుస్తుంది. స్పేస్ బార్‌ను రెండు చివర్లా నొక్కి చూస్తాను. తర్వాత ట్రాక్‌ప్యాడ్ కింది మూలలు రెండూ, నడిమి భాగం నొక్కి, ముందు మూల పట్టుకుని లేపి మళ్లీ నొక్కి, చివరగా ఒక ఫైలును తెర ఈ కొస నుంచి ఆ కొసకు లాగుతాను. ఇదంతా పావుగంట పని. మీ సేల్స్‌మన్ పక్కనే నిలబడి చూడొచ్చు.

నా కోరికలు మూడు. డెమో పీసులో ఉన్న అమెరికా లేఅవుట్‌తో, పైన చెప్పిన పరీక్షకు నిలిచే యంత్రం ఇవ్వండి. ఆ లేఅవుట్ మీ దగ్గర లేకపోతే బిల్లు మొత్తం వాపసు ఇవ్వండి, సీలు తీసిన సాకు చెప్పి కోత పెట్టవద్దు. మూడోది నాకోసం కాదు. డబ్బా మీదా, బిల్లులో మోడల్ పేరు పక్కనా లేఅవుట్‌ను చదవగలిగే అక్షరాల్లో వేయండి, డబ్బా మీద వీలైతే కీబోర్డు బొమ్మ కూడా.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. ఫోన్‌లో చెప్పే మాటలు తర్వాత ఎవరికీ గుర్తుండటం లేదు కాబట్టి రాతలోనే కావాలి. జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌లో వేసే ఫిర్యాదుకు ఈ లేఖనే జతచేస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు

జతపరచినవి: బిల్లు నకలు, డబ్బా స్టిక్కర్ ఫొటో, డెమో పీసు, నా ల్యాప్‌టాప్ కీబోర్డుల మీద స్కేలు పెట్టి తీసిన ఫొటోలు, ట్రాక్‌ప్యాడ్ కుడి మూల చప్పుడు వినిపించే చిన్న వీడియో.