బోండంలో శుద్ధి కత్తి పడేవరకే

సంపాదకులకు నమస్కారం.

‘కొబ్బరి బోండంలోని నీళ్ళు సెలైన్ అంత శుద్ధమైనవి కనుక ఎప్పుడు తాగినా భయం లేదు’ అన్న వాక్యాన్ని మీ ఆరోగ్య పుటలో ఇటీవల చదివాను. అందులో మొదటి సగం చాలావరకు నిజమే కానీ, రెండో సగం ప్రమాదకరం. ఆహార పదార్థాల పరీక్షాశాలలో చాలా ఏళ్ళు పనిచేసిన అనుభవంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పగుళ్ళు, దెబ్బలు లేని తాజా కాయలో నీళ్ళు సాధారణంగా సూక్ష్మజీవులు లేకుండానే ఉంటాయి. మేము పరీక్షించేటప్పుడు కాయ పైభాగాన్ని స్పిరిట్‌తో తుడిచి, మంటలో కాల్చిన మొనతో మెత్తటి కన్నులో రంధ్రం చేసి, సిరంజితో నీళ్ళు లాగి పోషక పదార్థం నింపిన పళ్ళెంలో పోసేవాళ్ళం. రెండు రోజులు వెచ్చగా ఉంచినా ఆ పళ్ళెం చాలాసార్లు ఖాళీగానే కనిపించేది. అదే కాయను మామూలు కత్తితో నరికి గ్లాసులోకి వంచిన నీళ్ళు పోస్తే మాత్రం, మర్నాటికే పళ్ళెం నిండా సూక్ష్మజీవుల గుంపులు తెల్లని, పసుపుపచ్చని చుక్కలుగా తేలేవి. కాయలో లేనివి కత్తి నుంచి, పీచు నుంచి, చేతి నుంచి వచ్చాయన్నమాట.

వచ్చినవి అక్కడ ఊరికే ఉండవు. ఈ నీళ్ళలో చక్కెరలు, ఖనిజ లవణాలు ఉంటాయి. నిమ్మరసంలో సూక్ష్మజీవులను అణచి ఉంచే పులుపు మాత్రం ఉండదు. పరిస్థితులు అనుకూలిస్తే బాక్టీరియా అరగంటకు ఒకసారి రెట్టింపవుతుందనుకుందాం. కత్తి మీదినుంచి 100 కణాలు పడితే రెండు గంటలకు అవి 1,600, నాలుగు గంటలకు 25,600, ఎనిమిది గంటలకు 65 లక్షలు దాటుతాయి. కొత్త చోట కుదురుకోవడానికి వాటికి కొంత సమయం పడుతుంది కనుక అసలు లెక్క ఇంత కచ్చితంగా ఉండదు కానీ, మొదటి గంటలకూ తర్వాతి గంటలకూ మధ్య తేడా ఎంతటిదో దీన్నిబట్టి తెలుస్తుంది. అందుకే తెరిచిన నీళ్ళను వెంటనే తాగడం మేలు. బయట ఉంచితే రెండు గంటలు, ఎండ 32 డిగ్రీలు దాటిన రోజైతే ఒక గంట, అంతకు మించి ఉంచకూడదు. మూత ఉన్న శుభ్రమైన చిన్న సీసాలో పోసి వెంటనే 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెడితే ఒక రోజు, మహా అయితే రెండు రోజులు. పెద్ద పాత్రలో పోస్తే మధ్యలోని నీళ్ళు చల్లబడేసరికే చాలా సమయం గడిచిపోతుంది. లిస్టీరియా వంటి జబ్బు చేసే బాక్టీరియాలు ఫ్రిజ్‌లోనూ మెల్లగా పెరుగుతాయి కనుక గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు నిల్వ నీళ్ళ జోలికి పోకపోవడమే మంచిది.

పులిసిన వాసన, నురగ, జిగట కనిపిస్తే పారబోయాలి. లేత గులాబీ రంగు ఒక్కటే కనిపిస్తే కంగారుపడనక్కర్లేదు. గాలి తగిలినప్పుడు నీళ్ళలోని ఎంజైములే ఆ రంగు తెస్తాయి. చిక్కేమిటంటే, జబ్బు చేసే బాక్టీరియా రుచినీ వాసననూ మార్చకుండానే ఉండగలదు. కాబట్టి నాలుక చెప్పేదానికన్నా గడియారం చెప్పేదాన్ని నమ్మడం మంచిది.

ఇక తెరవని కాయ విషయంలోనూ ఒక హద్దుంది. డెన్మార్క్‌లో 69 ఏళ్ళ వ్యక్తి ఒకరు, పచ్చ తొక్క చెక్కేసి అమ్మిన బోండాన్ని కొని, చల్లగా ఉంచవలసినదాన్ని నెల రోజులు వంటింటి బల్ల మీదే ఉంచారు. తర్వాత స్ట్రాతో కొంచెం పీల్చి, రుచి బాగాలేదని వెంటనే మానేశారు. కాయ తెరిచి చూస్తే లోపల జిగటగా కుళ్ళి ఉంది. కొన్ని గంటల్లోనే చెమటలు, వాంతులు, ఆ తర్వాత మతి తప్పడం మొదలై, ఆస్పత్రిలో చేరాక దాదాపు ఒక రోజుకు ఆయన మరణించారు. లోపల పెరిగిన ఆర్థ్రీనియం అనే బూజు తయారుచేసిన 3-నైట్రోప్రొపియోనిక్ ఆమ్లం, కణాలకు శక్తి అందకుండా చేసి మెదడును దెబ్బతీసిందని 2021లో వైద్య పత్రికలో వివరించారు. ఇలాంటిది చాలా అరుదు, నిజమే. అయినా తొక్క తీసిన కాయకు సహజమైన కవచం పోయినట్టే కనుక దాన్ని ఫ్రిజ్‌లోనే ఉంచి, ముద్రించిన గడువులోగా వాడాలి. స్ట్రా వేస్తే లోపలున్నది కంటికి కనిపించదు. ముందు గ్లాసులోకి వంచి, చూసి, వాసన పట్టాకే తాగడం నా అలవాటు.

మీ వ్యాసానికి సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. సీసాల్లో నింపి అమ్మే కొబ్బరి నీళ్ళ మీద తేదీతోపాటు, కాయ కొట్టిన గంట కూడా రాయాలని నియంత్రణాధికారులకు మీ పత్రిక ద్వారా విన్నవిస్తున్నాను.

ఇట్లు,
విశ్రాంత ఆహార పరీక్షకుడు