ఆఫర్ లెటర్ అడుగున ఉండే ఆ 21 అక్షరాలు

సంపాదకుడు గారికి,

నరసన్నపేటలో చాలా ఏళ్లుగా నెట్ సెంటర్ నడుపుతున్నాను. ఈ మధ్య నా దగ్గర హాల్ టికెట్ల కంటే ఆఫర్ లెటర్ల ప్రింట్లే ఎక్కువ. పోయిన నెలలో ఆమదాలవలస వైపు నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారు. అమ్మాయి బీటెక్ అయి ఏడాది. లెటర్ రెండు కాపీలు తీయమంది. డబ్బు కట్టడానికి ఊళ్లో ఒకరిని అప్పు అడిగారట, ఆయనకి చూపించడానికి ఒకటి. తల్లి నా వైపు తిరిగి, "మా గుంటకి ఉద్యోగం వచ్చింది బాబూ, ఇది నిజమేనా, నువ్వే చూసి చెప్పు" అంది. ఆ లెటర్ గురించి, అంతకు ముందు నేను చేసిన ఒక తప్పు గురించి మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

లెటర్ చూడ్డానికి బాగుంది. రంగుల లోగో, హైదరాబాద్ మాదాపూర్ చిరునామా, "2009 నుంచి మీ సేవలో" అని పైన ఒక లైను, నెలకి 28,000 జీతం. రెండో పేజీలో మాత్రం లాప్‌టాప్‌కి 24,500 రూపాయలు డిపాజిట్ రెండు రోజుల్లో కట్టాలని, మూడు నెలల తర్వాత తిరిగి ఇస్తామని ఉంది. డబ్బు అడిగారంటేనే నాకు అనుమానం. కానీ ఆ తల్లికి నా అనుమానం చాలదు, చేతిలో ఆధారం పెట్టాలి.

కంపెనీల చట్టం 2013లోని 12వ సెక్షన్ ప్రకారం కంపెనీ తన లెటర్‌హెడ్ మీద పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, కార్పొరేట్ గుర్తింపు సంఖ్య వేయాలి. ఆ సంఖ్యనే అందరూ సిన్ అంటారు. ఇందులో అంకెలు, అక్షరాలు కలిపి 21 ఉంటాయి. రూపం ఇలా ఉంటుంది:

```
U00000AP2024PTC000000
```

మొదటి అక్షరం U అయితే స్టాక్ మార్కెట్లో లేని కంపెనీ, L అయితే ఉన్న కంపెనీ. తర్వాతి ఐదంకెలు వ్యాపారం రకానికి గుర్తు. ఆ పైన రాష్ట్రం, మనదైతే AP, తెలంగాణ అయితే TG లేదా TS. దాని పక్కన నాలుగంకెలు కంపెనీ పుట్టిన సంవత్సరం. PTC అంటే ప్రైవేట్ లిమిటెడ్. చివరి ఆరు రిజిస్ట్రేషన్ నంబరు.

ఆ అమ్మాయి లెటర్ అడుగున చిన్న అక్షరాల్లో సిన్ ఉంది. మధ్యలో AP2024. పైన 2009 నుంచి అన్న కంపెనీకి, అదే కాగితం అడుగున వాళ్లు వేసుకున్న నంబరులోనే పుట్టిన ఏడాది 2024! తెలియని వాళ్లు ఈ నంబరు చదవరు కాబట్టే అలా అచ్చు వేయగలిగారు.

తర్వాత mca.gov.in తెరిచాను. ఇది కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైటు. కంపెనీల సమాచారం కింద Master Data అనే చోట సిన్ కొట్టి, బొమ్మలో కనిపించే అక్షరాలు టైపు చేయాలి. లాగిన్ అడిగితే ఖాతా ఉచితంగానే తెరుచుకోవచ్చు. పేరుతో వెతికితే ఒక్క మాట తేడాతో నాలుగైదు కంపెనీలు వస్తాయి, ఏది మనదో తేలదు. అందుకే సిన్‌తోనే వెతకాలి. లెటర్‌లో సిన్ లేకపోతే పంపిన వాళ్లని అడగండి. నిజమైన కంపెనీకి అది దాచుకునే వస్తువు కాదు.

వచ్చిన పేజీలో Date of Incorporation 2024 నవంబరు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. చివరి వార్షిక సమావేశం తేదీ దగ్గర, బ్యాలెన్స్ షీట్ తేదీ దగ్గర ఏమీ లేదు. కొత్త కంపెనీకి ఈ గడులు ఖాళీగా ఉండటం తప్పు కాదు. మొదటి ఆర్థిక సంవత్సరం ముగిశాక తొమ్మిది నెలల వరకు మొదటి సమావేశానికి గడువుంటుంది. కానీ వెయ్యిమంది పనిచేస్తున్నారని చెప్పుకునే పాత కంపెనీకి ఒక్క బ్యాలెన్స్ షీట్ కూడా లేకుండా ఎలా ఉంటుంది? కొత్తదై ఉండటం నేరమేమీ కాదు. మన పిల్లలే పెట్టుకున్న మంచి కంపెనీలు కూడా కొత్తవే. వయసు గురించి అబద్ధం చెప్పడమే ఇక్కడ ప్రమాదం.

రిజిస్టర్డ్ చిరునామా మాదాపూర్ కాదు, విజయవాడ శివార్లలో ఒక అపార్ట్‌మెంట్ ఫ్లాట్. రిజిస్టర్డ్ ఆఫీసు ఒకచోట, పనిచేసే ఆఫీసు ఇంకోచోట ఉండొచ్చు, అది మామూలే. కానీ అదే 12వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్డ్ ఆఫీసు బయట కంపెనీ పేరు, చిరునామా బోర్డు పెట్టి తీరాలి. మా తోడల్లుడు విజయవాడలోనే ఉంటాడు. ఫోన్ చేస్తే సాయంత్రం బండి మీద వెళ్లి చూసొచ్చాడు. ఆ ఫ్లాట్ తలుపు మీద ఒక కుటుంబం పేరు, గుమ్మానికి మామిడి తోరణం ఉన్నాయి. కంపెనీ బోర్డు ఎక్కడా లేదు. వాచ్‌మన్ ఆ పేరే ఎప్పుడూ వినలేదన్నాడు. ఇక మాదాపూర్‌లో ఆ అంతస్తులో ఉన్నది రోజు లెక్కన సీటు అద్దెకిచ్చే చోటని అమ్మాయి స్నేహితురాలు చూసి చెప్పింది. 24,500 పోయే చోట వంద రూపాయల పెట్రోలు ఖర్చు ఖర్చే కాదు. మన శ్రీకాకుళం వాళ్లు లేని ఊరు ఎక్కడుంది? వైజాగ్, హైదరాబాద్, విజయవాడ, ఎక్కడైనా ఒక చుట్టం దొరుకుతాడు. అడగడానికి మొహమాటపడకండి.

ఆ తల్లి డబ్బు కట్టలేదు. అక్కడితో ఆ విషయం తేలిపోయింది.

కానీ రెండేళ్ల కిందట మా మేనల్లుడి విషయంలో ఇలా తేలలేదు. వాడికీ ఇలాగే లెటర్ వచ్చింది, 35,000 అడిగారు. "మావయ్యా, నువ్వు చూసి సరే అంటే కడతాను" అన్నాడు. నేను సిన్ చూశాను, సైటులోనూ చూశాను. 2011లో పెట్టిన కంపెనీ, Active అని ఉంది, లెటర్‌లో ఉన్న చిరునామాయే రికార్డులోనూ ఉంది. "పర్లేదురా, పాత కంపెనీయే" అన్నాను. వాడు కట్టాడు. చేరాల్సిన రోజున వెళ్తే ఆఫీసుకు తాళం, ఫోన్లన్నీ స్విచాఫ్. వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

నేను చూడకుండా వదిలేసింది అదే పేజీలో కింద ఉంది. డైరెక్టర్ల పట్టికలో ఒక్కొక్కరి పేరు, డైరెక్టరుకిచ్చే ఎనిమిది అంకెల గుర్తింపు సంఖ్య అంటే డిన్ నంబరు, పదవిలోకి వచ్చిన తేదీ ఉంటాయి. 2011 కంపెనీలో ఉన్న ఇద్దరు డైరెక్టర్లూ ఒకే రోజు వచ్చారు, అదీ ఆ లెటర్‌కి మూడు నెలల ముందే. అంటే ఎవరో ఎప్పుడో పెట్టి వ్యాపారం లేక వదిలేసిన కంపెనీని వీళ్లు చేతిలోకి తీసుకున్నారన్నమాట. వయసు పాతదే, మనుషులు కొత్తవాళ్లు. చివరి బ్యాలెన్స్ షీట్ కూడా నాలుగేళ్ల కిందటిది. ఈ రెండూ ఆ రోజు నా కళ్ల ముందే ఉన్నాయి.

అప్పటి నుంచి వయసు ఒక్కటే ఎప్పుడూ చూడను. పుట్టిన తేదీ పక్కన డైరెక్టర్లు వచ్చిన తేదీ పెట్టి చూస్తాను. ఆ పక్కన ఆఖరి బ్యాలెన్స్ షీట్ తేదీ. కొత్త కంపెనీలో కొత్త డైరెక్టర్లు సహజం. పాత కంపెనీలో అందరూ నిన్న మొన్నటి వాళ్లయితే ఆగాలి. అదే సైటులో డైరెక్టర్ డిన్ నంబరుతో వెతికితే ఆయన ఇంకే కంపెనీల్లో ఉన్నాడో వస్తుంది. వాటిలో రెండు మూడింటి పక్కన Strike Off అని ఉంటే, కంపెనీల రిజిస్ట్రార్ వాటిని కంపెనీల పట్టికలోంచి కొట్టేశారని అర్థం. నిజాయితీగా నష్టపోయి మూసుకున్న వాళ్లకీ అలా పడొచ్చు. కానీ వరసగా ఏడాదికొకటి పెట్టి వదిలేసిన వాళ్లయితే మాత్రం డబ్బు కట్టే ముందు గట్టిగా ఆలోచించాలి.

ఇంకొక సంగతి. ఈ రికార్డంతా సరిగ్గా ఉన్నా ఆ లెటర్ ఆ కంపెనీదే కాకపోవచ్చు. పెద్ద కంపెనీ పేరు, సిన్, చిరునామా మక్కీకి మక్కీ వేసి, మెయిల్ మాత్రం జీమెయిల్ నుంచో, అసలు పేరుకి "కెరీర్స్" లాంటి తోక తగిలించిన సైటు నుంచో పంపుతారు. అలాంటప్పుడు లెటర్‌లో ఇచ్చిన ఫోన్ నంబరుకి కాల్ చేసి ఏం లాభం? ఎత్తేది వాళ్ల మనిషే. కంపెనీ అసలు సైటు మనమే వెతికి, అందులోని నంబరుకి చేసి, లెటర్ మీది రెఫరెన్స్ నంబరు చెప్పి అడగాలి. అలాగే సొంత షాపులు, మామూలు భాగస్వామ్య సంస్థలు ఈ సైటులో కనిపించవు. వాళ్లని జీఎస్టీ నంబరు అడిగితే, gst.gov.in లో Search Taxpayer దగ్గర పేరు, చిరునామా, రిజిస్టరైన తేదీ వస్తాయి.

డబ్బు అప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. మా మేనల్లుడు సిగ్గుపడి వారం రోజులు ఎవరికీ చెప్పలేదు.

ఇక మీకొక విన్నపం. మీ వర్గీకృత ప్రకటనల్లో ఉద్యోగావకాశాల కింద ఒక సెల్ నంబరు, "వెంటనే సంప్రదించండి" అన్న మాట తప్ప ఏమీ లేనివి కొన్ని వస్తున్నాయి. పల్లెల్లో మీ పేపర్లో పడింది అంటే అది నిజమనే నమ్ముతారు. ప్రకటన తీసుకునేటప్పుడే సిన్ గానీ జీఎస్టీ నంబరు గానీ అడిగి, ప్రకటన కిందే అచ్చు వేయండి. ఒక్క లైను చోటు పడుతుంది. జాబ్ మేళాలు పెట్టే కాలేజీల వారికి, జిల్లా అధికారులకు కూడా ఇదే విన్నపం. వాల్ పోస్టర్ మీద కంపెనీ పేరు పక్కన ఆ నంబరు వేస్తే, మేళాకి వచ్చే ముందే పిల్లలు ఇంట్లో కూర్చుని చూసుకుంటారు. ఫోన్‌లో చూడటం రాని వాళ్లెవరైనా ఆఫర్ లెటర్ పట్టుకుని నా సెంటర్‌కి రావచ్చు, చూసి చెబుతాను, దానికి నేను డబ్బు తీసుకోను.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా