దేవుని అర్రలో వెలుతురు గురించి మిత్రునికి ఉత్తరం

నల్లగొండ

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరమూ, దానితో పంపిన రెండు ఫోటోలూ చేరినయి. కార్తీక సోమవారం నాడు అమ్మ చేసే పూజను ఫోనులో తీసి చెల్లెకు పంపాలని నువ్వు అనుకోవడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. ఆ ఫోటోలను చాలాసేపు చూశాను. మొదటిదానిలో కిటికీ చువ్వల నీడలు అమ్మవారి ముఖం మీద అడ్డంగా పడ్డాయి. రెండవదానిలో కిటికీ మూసి, ఫోను పక్కనే బల్బు పట్టుకున్నట్టున్నావు, అందుకే నరసింహస్వామి కిరీటం నీడ వెనుక గోడ మీద నల్లగా, గీత గీసినట్టుగా నిలిచింది. ఈ రెండు తప్పులకూ కారణం ఒకటే.

నీడ అంచు పదునుగా ఉంటుందా, మెత్తగా కరిగిపోతుందా అన్నది వెలుతురు ఎంత ఎక్కువగా ఉందన్నదాని మీద ఆధారపడదు. వస్తువు ఉన్న చోటినుంచి చూస్తే ఆ వెలుతురు వచ్చే తావు ఎంత పెద్దదిగా కనబడుతుందన్నదే ముఖ్యం. సూర్యుడు ఎంత పెద్దవాడైనా మన కంటికి కనబడేది అర డిగ్రీ వెడల్పే కాబట్టి, నేరుగా పడే ఎండ కత్తి అంచు వంటి నీడనే వేస్తుంది. చిన్న బల్బు చేసేదీ అదే పని. అదే ఎండను ఒక తెల్లని పంచె మీద పడనిస్తే, ఇక ఆ పంచె మొత్తం వెలుతురుకు తావు అవుతుంది. దేవుని గద్దెకు మూడడుగుల దూరంలో రెండడుగుల వెడల్పున వెలిగే బట్ట ఉంటే, నీడ ఉన్నదీ లేనిదీ తెలియనంత మెత్తగా మారుతుంది.

దీనిని నువ్వే పరీక్షించుకోవచ్చు. గద్దె మీద ఒక తెల్లకాగితం పరిచి, దానికి జానెడు ఎత్తున పెన్సిలును పట్టుకొని చూడు. కాగితం మీద పెన్సిలు నీడ స్పష్టమైన గీతలా కనబడితే వెలుతురు ఇంకా గట్టిగా ఉన్నట్టు. అది మసకబారి, ఆనవాలు పట్టలేనంతగా కలిసిపోతే సరిపోయినట్టు. నేను ఏ ఇంటికి వెళ్లినా కెమెరా సంచి విప్పక ముందే ఈ పని చేస్తాను.

ఇప్పుడు మీ అర్ర సంగతికి వస్తాను. దేవుళ్లు పడమటి గోడకు తూర్పు ముఖంగా ఉన్నారు, దర్వాజ తూర్పున ఉంది, ఒక్కగానొక్క కిటికీ దక్షిణపు గోడలో ఉంది. శ్రావణంలో సూర్యుడు ఇంచుమించు నడినెత్తికి వస్తాడు కాబట్టి ఆ కిటికీలోంచి ఎండ లోపలికి రాదు, ఆకాశపు వెలుతురు మాత్రమే వస్తుంది. కార్తీకం నాటికి ఆయన దక్షిణానికి వాలిపోతాడు. పొద్దున ఆగ్నేయం వైపునుంచి వచ్చే ఎండ కిటికీలోంచి ఏటవాలుగా సాగి పడమటి గోడను, అంటే సరిగ్గా మీ గద్దెను తాకుతుంది. వరలక్ష్మీ వ్రతం నాడు ఏ ఇబ్బందీ లేని అర్రలో ఇప్పుడు చువ్వల నీడలు రావడానికి ఇదే కారణం. అందువల్ల కిటికీకి లోపలివైపు పలుచని తెల్ల నూలు పంచెను పైనుంచి కిందిదాకా, ఎక్కడా సందు లేకుండా కట్టు. చువ్వల నీడలు పంచె మీద కనబడతాయి గాని, అక్కడినుంచి దేవుళ్లదాకా రావు. పంచె గుండా ఎండ మచ్చ ఇంకా కళ్లు చెదిరేటట్టు కనబడితే ఇంకొక మడత వెయ్యి. రంగు బట్టను, అంచు పెద్దదిగా ఉన్న బట్టను కట్టవద్దు, ఎందుకంటే ఆ రంగే ఇత్తడి మీదకూ అమ్మ ముఖం మీదకూ వస్తుంది.

అమ్మ ఉత్తర ముఖంగానే కూర్చుంటుందని రాశావు. ఆ ఆనవాయితీని చిత్రం కోసం మార్చమని నేను ఎన్నడూ చెప్పను. అప్పుడు కిటికీ ఆమె వీపు వెనుకకు వస్తుంది. కిటికీ మూడడుగుల ఎత్తున మొదలవుతుంది కాబట్టి వెలుతురు ఆమె తల మీదుగా గద్దెకు చేరుతుంది, కాని ముఖం మాత్రం చీకటిలో ఉండిపోతుంది. మనకు ఒక్క కరెంటు దీపం కావలసింది ఇక్కడే. రేకు టోపీ ఉన్న టేబుల్ లైటులో తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు పెట్టి, దానిని దర్వాజకు కుడివైపున, చిత్రంలో పడని చోట, స్టూలు మీద నిలుపు. దాని మూతిని అమ్మ వైపు తిప్పకుండా ఉత్తరపు గోడ వైపు తిప్పు. మీ గోడలకు ఆకుపచ్చ రంగు ఉంది కాబట్టి అక్కడ ఒక తెల్ల దుప్పటి కట్టాలి, లేకుంటే ముఖం పచ్చబారుతుంది. లైటు దుప్పటికి రెండడుగుల దూరంలో ఉండాలి. మరీ దగ్గరికి జరిపితే వెలిగే మచ్చ చిన్నదైపోయి నీడ మళ్లీ పదునెక్కుతుంది. దుప్పటినుంచి తిరిగి వచ్చే వెలుతురు అమ్మ ముఖాన్నీ, విగ్రహాల చీకటి వైపునూ నింపుతుంది.

ఈ దీపం కిటికీకి తోడుగా ఉండాలే గాని పోటీగా ఉండకూడదు. లైటును ఒకసారి ఆర్పి, మళ్లీ వెలిగించి ఫోను తెరలో చూడు. విగ్రహానికి ఎడమవైపున కూడా రెండవ నీడ పుట్టిందంటే దీపం బలం ఎక్కువైందని అర్థం, అప్పుడు లైటును దుప్పటికి ఇంకొంచెం దూరం జరుపు. విగ్రహం ముఖంలో కిటికీ వైపు ఉన్న వెలుతురులో సగం దీపం వైపు ఉంటే నా కంటికి బాగుంటుంది. బల్బు డబ్బా మీద 6500 అని ఉన్న తెల్లని డేలైట్ రకమే కొను. పసుపు వెలుతురు బల్బు పెడితే సగం ముఖం నీలంగా, సగం నారింజగా కనబడుతుంది. రెండూ ఒకే తెలుపులో ఉన్నప్పుడే కుందిలోని జ్యోతి తన బంగారు రంగులో నిలుస్తుంది. ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. ఇంటి ట్యూబులైటునూ, సీరియల్ బల్బులనూ ఆర్పివెయ్యి.

విగ్రహాలను గోడనుంచి జానెడు ముందుకు జరుపగలిగితే వెనుక నీడ మరింత కరుగుతుంది. పటాల అద్దంలో దర్వాజ వెలుతురు మెరిస్తే, పటం పైభాగం వెనుక అట్టముక్క దోపి కొద్దిగా ముందుకు వంచు, అప్పుడు అద్దం నేలను చూస్తుంది. పంచె గాని దుప్పటి గాని కుందికి మూడడుగుల లోపల ఉండకూడదు, ఫ్యాను వెయ్యకూడదు. ఈ రెండింటిలో మాత్రం నా మాట తప్పక విను.

హారతి సమయంలో కర్పూరం వెలుగుతో నీడలు గోడ మీద కదులుతాయి. వాటిని పోగొట్టాలని చూడవద్దు, ఆ క్షణానికి ఆ కదలికే అందం. కాని ఫోను తనంతట తాను వెలుతురు పెంచి తగ్గించకుండా, మొదలుపెట్టే ముందే అమ్మవారి ముఖం మీద వేలు నొక్కిపట్టి `AE/AF` తాళం వెయ్యి. జ్యోతి తెల్లని ముద్దగా కనబడితే, దాని అంచు పసుపుగా కనబడేదాకా వెలుతురు గుర్తును కిందికి లాగు. తెర మీద అడ్డగీతలు పాకితే అది సెకనుకు యాభై సార్లు ఊగే మన కరెంటు వల్ల వచ్చేది, షట్టరును 1/50 లేదా 1/100కు మారిస్తే పోతుంది.

సోమవారానికి ముందు, ఆదివారం నాడు అదే గడియలో పంచె, దుప్పటి కట్టి, అమ్మ కూర్చునే పీట మీద ఎవరినైనా కూర్చోబెట్టి, పెన్సిలు నీడనూ, ఆ ముఖాన్నీ ఫోటో తీసి నాకు పంపు. దీపాన్ని ఎటు జరపాలో ఆ రాత్రికే చెబుతాను. అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

నీ మిత్రుడు