టెలిగ్రామ్ చానెల్లో తప్పు దిద్దే పద్ధతి మారాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మా కోనసీమలో పోటీ పరీక్షల కోచింగ్ ఇప్పుడు సగం క్లాసులో, సగం టెలిగ్రామ్ చానెల్లో నడుస్తోంది. అందులో తప్పేమీ లేదు. గోదావరికి వరదొచ్చి కాజ్‌వే మునిగితే లంక గ్రామాల వాళ్లు అమలాపురమో రావులపాలెమో వెళ్లలేరు. అలాంటి రోజు కూడా సార్ పెట్టిన పీడీఎఫ్ సాయంత్రానికి ఫోన్లో ఉంటుంది. చానెల్లో సార్ ఒక్కరే పోస్ట్ చేస్తారు కాబట్టి గుడ్ మార్నింగ్ బొమ్మల మధ్య నోట్స్ వెతుక్కోవాల్సిన పని లేదు. ఆలస్యంగా చేరినవాళ్లకు మొదటి రోజు నుంచి పెట్టినవన్నీ కనిపిస్తాయి. ఒకరి నంబర్ మరొకరికి కనబడదు. వాట్సాప్ గ్రూపుల్లో నంబర్లు బయటపడి ఇబ్బంది పడ్డ అమ్మాయిలను అడిగితే ఇదెంత మేలో చెబుతారు.

నా బాధ వేరే. చానెల్లో పెట్టిన తప్పు అందరికీ చేరుతుంది, దాని సవరణ మాత్రం చేరదు.

జిల్లాల నోట్సే చూడండి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతర్వేది తూర్పుగోదావరి నుంచి కోనసీమకు వచ్చింది. కొల్లేరు అనగానే కృష్ణా, పశ్చిమగోదావరి అని రాసే అలవాటు పోయి, ప్రధానంగా ఏలూరు జిల్లా అని రాయాల్సి వచ్చింది. నేను చూస్తున్న ఒక చానెల్లో ఆ పాత నోట్స్ అలాగే ఉంది. చాలా పోస్టుల కింద కొత్తది ఇంకొకటి ఉంది. చానెల్లో ‘కొల్లేరు’ అని వెతికితే రెండూ వస్తాయి. ఏది సరైనదో కొత్తగా చేరినవాళ్లకు ఎలా తెలుస్తుంది? పైగా పాతదాన్నే ఎక్కువమంది ఫార్వర్డ్ చేసుకున్నారు.

చేయాల్సిన పని చిన్నదే. పాత పోస్టును ఎడిట్ చేసి, ఫైలును అక్కడే మార్చవచ్చు. పోస్టు లింక్ మారదు, కాబట్టి ఆ లింక్ పట్టుకుని వచ్చినవాళ్లకు సరైన ఫైలే దొరుకుతుంది. ఫైలు పేరులోనే తేదీ ఉండాలి. కానీ ఎడిట్ చేసినంత మాత్రాన ఎవరి ఫోనూ మోగదు. పోస్టు మూలన చిన్నగా ‘edited’ అని పడుతుంది, అంతే. అంతకుముందే డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ల దగ్గర, వేరే గ్రూపులకు ఫార్వర్డ్ అయిన చోట పాత ఫైలే ఉండిపోతుంది. అందుకే ఎడిట్ చేశాక, అదే పోస్టుకు రిప్లైగా రెండు లైన్ల కొత్త పోస్టు పెట్టాలి: ఏ పేజీ, ఏది తీసేశాం, ఏది చేర్చాం. అభ్యర్థికి కావాల్సింది ఆ రెండు లైన్లే. పెద్ద పీడీఎఫ్ అంతా మళ్లీ చదివి తేడా పట్టుకునే ఓపిక పరీక్షల ముందు ఎవరికుంటుంది?

ప్రకటనల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. 2025 ఫిబ్రవరి 23న గ్రూప్-2 మెయిన్స్ జరగాలి. ముందురోజు, పరీక్ష వాయిదా వేయమని ప్రభుత్వం పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కు లేఖ రాసింది. కమిషన్ మాత్రం షెడ్యూల్ ప్రకారమే జరిపింది. ‘లేఖ రాసింది’ అన్నది చానెళ్లలో ‘వాయిదా పడింది’గా మారడానికి ఎంతసేపు పడుతుంది? పరీక్షకు వేరే ఊరు వెళ్లాల్సినవాళ్లకు ఆ ఒక్క మాటతో ప్రయాణమే ఆగిపోవచ్చు. టెన్షన్ సంగతి సరేసరి.

అలాంటప్పుడు ట్యూటర్ పోస్టులో మూడు విషయాలు విడివిడిగా ఉండాలి: ఎవరు ఏం అన్నారు, ఎన్ని గంటలకు, కమిషన్ వెబ్‌సైట్ psc.ap.gov.in లో ఏముంది. అక్కడ ఏమీ లేకపోతే ‘ఇంకా ఏమీ పెట్టలేదు, బయల్దేరండి’ అని రాయాలి. పొరపాటుగా పెట్టిన పోస్టును గుట్టుచప్పుడు కాకుండా డిలీట్ చేయకూడదు. అది ఈలోపు ఎన్ని గ్రూపులకు వెళ్లిందో ఎవరికీ తెలియదు. ‘మా చానెల్లో ఫలానా గంటకు పెట్టినది తప్పు’ అని పోస్టు పెట్టి, పిన్ చేస్తేనే ఆ గ్రూపుల్లోనూ ఎవరో ఒకరు దాన్ని పంచుతారు.

సార్లకు తీరిక ఉండదని తెలుసు. బ్యాచ్‌లో నమ్మకమైన ఒకరిద్దరిని అడ్మిన్లుగా పెట్టుకోవచ్చు. వాళ్లకు ఏ హక్కులు ఇవ్వాలో టెలిగ్రామ్‌లో ఎంచుకునే వీలుంది. పోస్టులు ఎడిట్ చేసే హక్కు ఇచ్చి, కొత్త అడ్మిన్లను చేర్చే హక్కు ఇవ్వకపోతే సరిపోతుంది. అనుమానాలు అడగడానికి చానెల్‌కు ఒక డిస్కషన్ గ్రూపును జత చేస్తే, తప్పు కనిపెట్టిన విద్యార్థి ఆ పోస్టు కిందే చెప్పగలుగుతాడు. ఇప్పుడు అలా చెప్పడానికి దారి లేని చానెళ్లే నాకు ఎక్కువ కనిపిస్తున్నాయి.

చివరిగా పాత బ్యాచ్‌ల చానెళ్ల సంగతి. క్లాసులు అయిపోయినా అవి తెరిచే ఉంటాయి, లింకులు చేతులు మారుతూనే ఉంటాయి. నడపలేకపోతే మూసేయమని అనను, అందులో మంచి నోట్స్ కూడా ఉంది. కనీసం చానెల్ వివరణలో ‘ఇందులో నోట్స్ ఫలానా నెల వరకే, ఆ తర్వాతి మార్పులు చేర్చలేదు’ అని ఒక వాక్యం రాసి పెట్టాలని గోదావరి జిల్లాల ట్యూటర్లను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక గ్రూప్-2 అభ్యర్థి,
పి.గన్నవరం, కోనసీమ జిల్లా