కొరియర్ ఒప్పందం రెన్యువల్ అయింది: మీ డెలివరీ ఛార్జీ గురించి

“కొరియర్ వాళ్లు రేట్లు పెంచుతున్నారట కదా, ఇక మా డెలివరీ ఛార్జీ కూడా పెంచేస్తారా?”

పెంచడం లేదు. కానీ రెండు వారాలు బాగా టెన్షన్ పడ్డాం.

రెన్యువల్‌కి మా కొరియర్ సంస్థ 12 శాతం పెంపుతో లెటర్ పంపింది. గడువుకు 60 రోజుల ముందు మనం కాదనకపోతే ఒప్పందం దానంతటదే కొనసాగుతుంది. అందుకే ముందు అభ్యంతరం రాసి పంపి, ఆ తర్వాతే బేరానికి కూర్చున్నాం.

వేరే రెండు సంస్థల నుంచి కొటేషన్లు తెప్పించాం. మొదటిది అరకిలోకి మా పాత రేటు కంటే 14 శాతం తక్కువ. చూడగానే సంతోషం వేసింది. తీరా చూస్తే, పెట్టె సైజును బట్టి బరువు కట్టే లెక్కలో తేడా ఉంది. మన మామూలు పెట్టె 30×20×15 సెంటీమీటర్లు, అంటే 9,000 ఘన సెంటీమీటర్లు. మా కొరియర్ దాన్ని 5,000తో భాగిస్తుంది: 1.8 కిలోలు, 2 కిలోల బిల్లు. కొత్తవాళ్లు 4,000తో భాగిస్తారు: 2.25 కిలోలు, రెండున్నర కిలోల బిల్లు. నాలుగు అరకిలోలకు బదులు ఐదింటికి కట్టాలి. లెక్కేస్తే పెట్టెకు 7.5 శాతం ఎక్కువే పడుతోంది! ఆ కాగితాన్ని బేరంలో వాడలేదు. చూపిస్తే అవతలివాళ్లు ఒక్క నిమిషంలో పట్టేస్తారు, ఆపై మన ఏ మాటకూ విలువుండదు. రెండోది పాత రేటు కంటే 8 శాతం తక్కువ, అదే 5,000 లెక్క. దాన్నే ముందు పెట్టాం.

“నాలుగేళ్లుగా మీతోనే ఉన్నాం” అన్న మాట ఒక్కటే వాళ్లను కదిలించలేదు. నాలుగేళ్లలో ఒక్క బిల్లూ ఆలస్యం కాలేదని, తిరిగొచ్చే పార్సిళ్లు వందకు మూడు కూడా లేవని వాళ్ల స్టేట్‌మెంట్లలోనే చూపించాక, మేనేజర్ పెన్ను తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. ఇందులో సగం ఘనత మీదే. అడ్రస్ సరిగ్గా ఇచ్చి, ఫోన్ ఎత్తి, పార్సిల్ తీసుకున్నది మీరు.

మొదట్లో నెలకు 300 పార్సిళ్లు పంపేవాళ్లం, ఇప్పుడు సగటున 900. అయితే నెలకు 900 తప్పనిసరి అని రాసివ్వమన్నారు. మేం ఒప్పుకోలేదు. అమ్మకాలు తగ్గే నెలల్లో 650కి పడిపోతాం, పంపని పార్సిళ్లకు కూడా డబ్బు కట్టాల్సి వస్తుంది. చివరికి మూడు నెలల సగటు 700 ఉండాలని, రేటు పాతదానికంటే 5 శాతం తగ్గాలని కుదిరింది. 8 శాతం దొరకలేదు. ఆ రెండో సంస్థ మీలో కొందరి ఊళ్లకు వెళ్లదు కాబట్టి మారే ధైర్యం మాకు లేదు. ఆ సంగతి వాళ్లకూ తెలుసు.

ఇందుకు బదులుగా పికప్ గంట ముందుకు జరిపారు. వచ్చే నెల ఒకటి నుంచి మధ్యాహ్నం 3 గంటలకు కాకుండా 2 గంటలలోపు వచ్చిన ఆర్డర్లే అదే రోజు బయల్దేరతాయి. ఈ అసౌకర్యానికి క్షమించండి. తగ్గిన 5 శాతం మాత్రం మేం ఉంచుకోవడం లేదు, దాంతో గాజు వస్తువులకు లోపల రెండో పొర ప్యాకింగ్ వేస్తున్నాం.