తూకం తప్పలేదు, గింజే తరిగింది: ఆహార నిల్వల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ధాన్యం గోదాముల్లోనూ, ధాన్యాన్ని విడిగా పోసి నిల్వచేసే ఎత్తయిన సైలోల్లోనూ పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీరు కట్టించబోయే కొత్త సైలోల గురించి కాదు, వాటిలో వాడబోయే పాత రిజిస్టరు గురించి రాస్తున్నాను. అందులో ధాన్యం వచ్చినప్పటి బరువు, పోయినప్పటి బరువు, మధ్యలో తరుగు ఉంటాయి. గోదాము అధికారి మంచివాడా దొంగా అన్నది ఆ మూడో గడే తేలుస్తుంది.

ఒకసారి పక్కపక్కనే ఉన్న రెండు సైలోల్లో చెరో 1000 టన్నుల మొక్కజొన్న నింపాం. రెండింటిలోనూ సగటు తేమ 14 శాతం. నెలల తర్వాత మొదటి సైలో నుంచి 976 టన్నులు బయటికి వచ్చాయి. తరుగు 24 టన్నులు. దాని బాధ్యుడికి సంజాయిషీ నోటీసు వెళ్లింది. రెండో దాని నుంచి 999 టన్నులు వచ్చాయి. తరుగు ఒక్క టన్నే కాబట్టి దాని బాధ్యుణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. నోటీసు అందుకున్నది నేనే కనుక ఈ లెక్క నాకు కంఠతా వచ్చు.

ఇప్పుడు నీటిని పక్కన పెట్టి చూడండి. 14 శాతం తేమ ఉన్న 1000 టన్నుల్లో నీరు 140 టన్నులు, అసలు గింజ 860 టన్నులు. మొదటి సైలో ధాన్యం బయటికి వచ్చేసరికి తేమ 12 శాతానికి దిగింది. 976 టన్నుల్లో 12 శాతం నీరు తీసేస్తే గింజ దాదాపు 859 టన్నులు. అంటే నిజంగా పోయింది ఒక టన్ను. మిగిలిన 23 టన్నులూ ఆరిపోయిన నీరు. రెండో సైలోలో తేమ 15 శాతానికి ఎక్కింది. 999 టన్నుల్లో గింజ దాదాపు 849 టన్నులు. అక్కడ 11 టన్నుల గింజ మాయమైంది, ఆ ఖాళీని నీరు పూడ్చింది.

11 టన్నులు ఎక్కడికి పోయాయంటారా? ఊపిరికి పోయాయి. గింజ, దాని మీది బూజు, దాన్ని తొలిచే ముక్కు పురుగు, అన్నీ ఊపిరి పీలుస్తాయి, పిండి పదార్థాన్ని కాలుస్తాయి. ఒక కిలో పదార్థం అలా కాలితే సుమారు 600 గ్రాముల నీరు పుడుతుంది. ఒక టన్ను ధాన్యాన్ని ఎనిమిది డిగ్రీలకు పైగా వేడెక్కించేంత వేడి కూడా పుడుతుంది. ఆ నీరు బూజును, ఆ వేడి పురుగును పెంచుతాయి, పెరిగినవి మళ్లీ గింజను కాలుస్తాయి. రెండో సైలోలో ఎక్కువైన దాదాపు 10 టన్నుల నీటిలో ఆరు టన్నులకు పైగా ఇలా గింజ నుంచే పుట్టింది. కాలిన గింజ నీటి రూపంలో అక్కడే కూర్చుని తూకాన్ని కాపాడిందన్న మాట.

మిగిలిన నీరు ఫ్యాన్ల నుంచి వచ్చింది. సైలో కింది నుంచి పైకి గాలి పట్టించడం ధాన్యాన్ని చల్లబరచడానికే. 15 డిగ్రీల దగ్గరికి దిగితే చాలా పురుగుల పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. నిమిషానికి టన్నుకు సుమారు 100 లీటర్ల గాలి పంపితే చల్లదనం అడుగు నుంచి పైకొనకు చేరడానికి 150 గంటలు పడుతుంది. మధ్యలో ఆపితే చల్లటి ధాన్యానికీ వెచ్చటి ధాన్యానికీ సరిహద్దు సైలో నడుమ నిలిచిపోతుంది, అక్కడ చెమ్మ చేరుతుంది. పని పూర్తయిందో లేదో చూడటానికి పైనుంచి వెలువడే గాలి వేడిని కొలిస్తే చాలు.

చిక్కంతా వేళల్లో ఉంది. 20 డిగ్రీల దగ్గర 90 శాతం తేమతో ఉన్న రాత్రి గాలి 30 డిగ్రీల ధాన్యంలోకి వెళ్లి వెచ్చబడితే దాని తేమ 50 శాతానికి పడిపోతుంది. అందుకే వెచ్చటి ధాన్యానికి చెమ్మ రాత్రి కూడా కొంత మేలే చేస్తుంది. కానీ గాలి దూరే అడుగు పొర కొద్ది గంటల్లోనే 20 డిగ్రీలకు దిగుతుంది. ఆ తర్వాత అదే గాలి ఆ పొరను తడుపుతుంది. గింజల మధ్య గాలి తేమ 70 శాతం దాటితే బూజుకు దారి తెరుచుకుంటుంది. రెండో సైలోలో ఫ్యాన్లు గడియారం ప్రకారం రోజూ తెల్లవారుజామున తిరిగేవి. ధాన్యం చల్లబడ్డాక కూడా తిరిగాయి. అది అజాగ్రత్త అని అప్పట్లో అనుకున్నాను. తర్వాత అర్థమైంది, ఈ రిజిస్టరు ఉన్నంత కాలం అది తెలివి. 12 శాతం తేమ ఉన్న 1000 టన్నులను 13 శాతానికి తడిపితే కాగితం మీద 11 టన్నుల లాభం.

రెండో పొరపాటు సగటులో ఉంది. 13 శాతం తేమ ఉన్న 900 టన్నులకు 23 శాతం ఉన్న 100 టన్నులు కలిపినా సగటు 14 శాతమే. కానీ ఆ వంద టన్నులు కొద్ది రోజుల్లోనే వేడెక్కుతాయి. పైగా నింపేటప్పుడు నూక, దుమ్ము గొట్టం కిందే, సైలో నట్టనడుమ పేరుకుంటాయి. గాలి ఆ దిమ్మను తప్పించుకుని పక్కల నుంచి పోతుంది. నింపిన వెంటనే అడుగు నుంచి కొంత ధాన్యం తీస్తే నడిమి భాగం ముందుగా దిగి ఆ నూకను మోసుకొస్తుంది. దాన్ని జల్లించి, పైన మిగిలిన గుంతను చదును చేయాలి. మా దగ్గర అడుగు నుంచి తీయడమంటే మళ్లీ తూకం, మళ్లీ సంతకాలు. కాబట్టి ఎవరూ తీయలేదు.

ధాన్యం వేడిని కొలవడానికి సైలోలో వేలాడదీసే తీగలను నమ్ముకుంటే సరిపోదు. ధాన్యం గుండా వేడి చాలా నెమ్మదిగా పాకుతుంది. తీగకు ఒక మీటరు దూరంలో కుంపటి రాజుకున్నా వారాల పాటు అంకె కదలకపోవచ్చు. పైభాగపు గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలిస్తే ముందే తెలుస్తుంది. బయటి గాలిలో అది పది లక్షల్లో 400 చిల్లర భాగాలు. సైలోలో వారం వారం పెరుగుతూ 1000 దాటుతోందంటే లోపల ఏదో గింజను తింటోందని అర్థం.

మాత్రల లెక్క కూడా ఇంతే. పురుగు మందు ఎన్ని మాత్రలు పెట్టామో రిజిస్టరు అడుగుతుంది, గ్యాసు ఎన్ని రోజులు నిలిచిందో అడగదు. ఆ మాత్రల నుంచి వచ్చే ఫాస్ఫీన్ గ్యాసుకు మోతాదు కన్నా రోజులు ముఖ్యం. గుడ్డు, ప్యూపా దశలు దాన్ని బాగా తట్టుకుంటాయి కాబట్టి 25 డిగ్రీలు దాటినచోట కూడా కనీసం ఏడు రోజులు మూసి ఉంచాలి. సైలోలో గాలి ఒత్తిడిని 250 పాస్కల్‌కు పెంచి ఆపితే, అది 125కి దిగడానికి అయిదు నిమిషాలైనా పట్టాలి. అంతకన్నా త్వరగా దిగే సైలోలో మాత్రలు పెట్టడం తట్టుకోగల పురుగులను ఎంపిక చేసి పెంచడమే.

నేను కోరేది రిజిస్టరులో రెండు గడులు. ఒకటి, ప్రతి బండి తేమ, వాటిలో అత్యధికం. రెండు, లోపలికి వచ్చినప్పుడు, బయటికి పోయినప్పుడు పొడి గింజ బరువు. బరువును వందలోంచి తేమ శాతం తీసేసిన సంఖ్యతో గుణించి వందతో భాగిస్తే అది వస్తుంది. తరుగును దాని మీదే లెక్కకట్టాలి.

దీనికీ హద్దుంది. తేమ మీటరు అర శాతం తప్పు చూపితే 1000 టన్నుల్లో 5 టన్నులు అటూ ఇటూ అవుతాయి. అప్పుడే ఆరబెట్టిన గింజ పైన పొడిగా, లోపల తడిగా ఉండి మీటరును మోసం చేస్తుంది. అందుకని ఈ లెక్కతో అయిదారు టన్నుల తేడాకు ఎవరికీ నోటీసు ఇవ్వకండి. మీటర్లను ఓవెన్‌లో ఆరబెట్టిన శాంపిల్‌తో సరిచూడమనండి.

మొదటి సైలో తరుగు సొమ్ము నా జీతంలోంచి కోశారు. అది తిరిగి ఇమ్మని అడగడం లేదు. ఆ రెండు సైలోల పేజీలు తెప్పించి, మీ అధికారుల చేత పొడి గింజ లెక్క ఒక్కసారి కట్టించండి. పది నిమిషాల పని.

ఇట్లు,
ఒక మాజీ గోదాము అధికారి