వార్తాలేఖ: మూడు పేజీలకు ఏడు మార్కులేనా?

తల్లిదండ్రులకు నమస్కారం.

గుర్తింపు కార్డులు, పరీక్షల తేదీలు నోటీసు బోర్డులో ఉన్నాయి, చూసుకోండి. మీరు మాట్లాడుకుంటున్నది వేరే సంగతి: చిత్రకళా చరిత్రలో తొమ్మిదో తరగతి విద్యార్థి రాసిన మూడు పేజీల చిత్ర విశ్లేషణకు 20కి 7 మార్కులే వేశారని.

ఆ జవాబు నేనూ చదివాను. స్పెయిన్ చిత్రకారుడు గోయా 1814లో గీసిన ‘మే 3, 1808’ అనే బొమ్మ గురించి. ‘తెల్ల చొక్కా మనిషి చేతులెత్తాడు. ఎదురుగా సైనికులు తుపాకులు గురిపెట్టారు. నేల మీద లాంతరు ఉంది. పక్కన శవాలున్నాయి.’ ఒక్క తప్పూ లేదు. అందుకే వర్ణనకున్న 5 మార్కులూ ఇచ్చాం. నెపోలియన్ సైన్యం మాడ్రిడ్ తిరుగుబాటుదారులను కాల్చి చంపిందన్న వాక్యానికి సందర్భం కింద 2. రూపానికి, అర్థానికి ఉన్న పదిలో మాత్రం ఒక్కటీ రాలేదు, ఎందుకంటే వాటి మీద ఒక్క వాక్యమూ లేదు.

లాంతరు ఉందని కళ్లున్న ఎవరైనా చెబుతారు. అది ఎవరి మీద వెలుగు వేస్తోంది? చనిపోబోయేవారి మీద. సైనికులు వీపు తిప్పి చీకట్లో ఒకే గోడలా నిలబడ్డారు, ఒక్కరి ముఖమూ కనబడదు. చంపేవారికి ముఖం లేదు, చనిపోయేవాడికి ఉంది! ఇది అనుకోకుండా కుదిరింది కాదు, చిత్రకారుడి నిర్ణయం. ఆ తెల్ల చొక్కా మనిషి కుడి అరచేతిలో గాయంలాంటి మచ్చ ఉంది. శిలువ మేకుల గుర్తు తెలిసిన ఆనాటి ప్రేక్షకుడికి ఓడిపోయిన తిరుగుబాటుదారుడిలో అమరుడు కనిపిస్తాడు. ఇక సందర్భం: ఘటన జరిగిన ఆరేళ్లకు, ఫ్రెంచివారు వెళ్లిపోయాక గీసిన బొమ్మ ఇది. వారి పాలనలోనూ ఆస్థాన చిత్రకారుడిగా కొనసాగిన గోయాకు తానెవరి పక్షమో చాటుకోవలసిన అవసరం ఉండి ఉండవచ్చు. ‘ఉండి ఉండవచ్చు’ అని రాసి కారణం చూపినా మార్కులు వేస్తాం.

అదే తరగతిలో ఒక అమ్మాయి స్కేలు పెట్టి కొలిచి, మోకాళ్ల మీదున్న ఆ మనిషి లేచి నిలబడితే సైనికులకంటే ఎత్తవుతాడని, అందుకే చూపు అతని దగ్గరే ఆగుతుందని రాసింది. జవాబు ఒకటిన్నర పేజీ, అక్షరాలు కోడిగీతలు. 17 మార్కులు. ఉపాధ్యాయుల గదిలో పైకి చదివి వినిపించాను.

మీ శ్రద్ధకు ఎంతో కృతజ్ఞుణ్ణి. కానీ నెపోలియన్ జీవిత చరిత్రను ఫోనులో వెతికి రాయించకండి. బొమ్మలోని ఏ గీతకూ ముడిపడని చరిత్రకు మార్కులుండవు. రంగు పెన్నులతో అంచులు గీయించడానికి పట్టే గంటలో బొమ్మను పది నిమిషాలు చూడనిస్తే చాలు. రాత్రి పదకొండుకు మార్కుల గురించి ఫోన్లు కూడా, దయచేసి, వద్దు.

తిరిగి రాయదలచినవారు సోమవారంలోగా ఇవ్వవచ్చు. వర్ణన ఒక్క పేరా మించకూడదు. ఆ తర్వాత ప్రతి వాక్యంలో ‘అందువల్ల’ అనో ‘ఎందుకంటే’ అనో కనబడాలి, పిల్లల చేతిరాతలోనే.

మీ ప్రధానోపాధ్యాయుడు